ఒకరు చెప్పాలి, ఇంకొకరు అడ్డుపడాలి

ప్రశ్న: మేడం, నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. హాస్టల్లో ఉంటాను. ఫిజిక్స్ చదివేటప్పుడు అంతా అర్థమైనట్టే ఉంటుంది. పరీక్షలో ప్రశ్న కాస్త మార్చి అడిగితే చేయి ఆడదు. ప్రీ ఫైనల్స్ దగ్గరకొచ్చాయి, టెన్షన్‌గా ఉంది. ఒకరికొకరం టాపిక్స్ చెప్పుకుంటూ చదువుదామని రూమ్మేట్ అంటోంది. తను నాకంటే బాగా చదువుతుంది. నావల్ల తన టైమ్ వేస్ట్ అవుతుందేమో. అసలు ఇలా చదివితే పని జరుగుతుందా? ఎలా చేయాలి?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

సమాధానం: జరుగుతుందమ్మా. కాకపోతే చెప్పే మనిషికన్నా వినే మనిషి పని ముఖ్యం. అది సరిగ్గా లేకపోతే ఇద్దరూ గంటలకొద్దీ మాట్లాడుకున్నా పుస్తకం పైకి చదువుకున్నట్టే ఉంటుంది. ఏళ్లుగా పిల్లలకు ఫిజిక్స్ చెబుతున్నాను కాబట్టి హాస్టల్ పిల్లలు ఎక్కడ ఆగిపోతారో నాకు తెలుసు. నీకు విడివిడిగా సలహాలు చెప్పే బదులు ఇద్దరు స్నేహితురాళ్ల కథ చెబుతాను. వాళ్లను మాధవి, రేష్మ అనుకుందాం.

మాధవికి క్లాసులో మంచి మార్కులొస్తాయి. రేష్మ పాస్ అవుతుంది కానీ ఎప్పుడూ భయమే. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక వరండాలో లైటు కింద కూర్చుని మొదలుపెట్టారు. మొదటి రోజు కూలుంబ్ నియమం నుంచి గాస్ నియమం దాకా మాధవి గడగడా చెప్పేసింది. రేష్మ తలూపుతూ వింది. మర్నాడు రేష్మ పుస్తకం మూసి అదే టాపిక్ చెప్పబోతే, గాసియన్ తలాన్ని స్థూపాకారంగా ఎందుకు తీసుకున్నారన్న దగ్గరే ఆగిపోయింది. విన్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉందని తనే అంది. అప్పుడు ఇద్దరూ ఒక ఒప్పందానికొచ్చారు. చెప్పేవాళ్ల చేతిలో పుస్తకం ఉండకూడదు. వినేవాళ్ల చేతిలో తెల్లకాగితం, పెన్ను ఉండాలి. వినేవాళ్లు తలూపకూడదు. చెప్పిన ప్రతి మాటకూ మూడు ప్రశ్నల్లో ఏదో ఒకటి అడగాలి: ఈ సూత్రంలో ఏది మారకుండా ఉందనుకున్నావు? ఈ అడుగు ఎక్కడి నుంచి వచ్చింది? అంకెలు వేస్తే ఎంత వస్తుంది?

ఈ పద్ధతి ఎందుకు పనిచేస్తుందో కెపాసిటర్ పాఠం దగ్గర బయటపడింది. ఆ సంభాషణ కాస్త వివరంగానే చెబుతాను. నువ్వు రాసిన ‘కాస్త మార్చి అడిగితే’ అన్న ఇబ్బందికి మూలం అక్కడే ఉంది.

మాధవి చెబుతోంది: “ప్లేట్ల మధ్య డైఎలక్ట్రిక్ పెడితే కెపాసిటెన్స్ K రెట్లు అవుతుంది. శక్తి ½CV² కాబట్టి అది కూడా K రెట్లు పెరుగుతుంది.”

రేష్మ కాగితం మీద ఇంకో సూత్రం రాసుకుంది. “శక్తికి Q²/2C అని కూడా ఉంది కదే. C కింద ఉంది. C పెరిగితే శక్తి తగ్గాలి.”

మాధవి వెంటనే, “రెండూ ఒకటే సూత్రం” అంది. రేష్మ వదల్లేదు. “ఒకటే అయితే ఒకటి పెరుగుతుందనీ ఇంకొకటి తగ్గుతుందనీ ఎందుకు చెబుతున్నాయి?”

మాధవికి పలకడానికి మాట రాలేదు. అప్పటిదాకా ఆ పాఠంలో లెక్కలన్నీ సరిగ్గా చేస్తూనే వచ్చింది. పుస్తకంలో ఏ సూత్రం దగ్గర ఏ లెక్క ఉందో గుర్తుండటంతో సమాధానాలు వచ్చేవి. ఎప్పుడు ఏది వాడాలన్న ప్రశ్న ఎవరూ వేయలేదు, తనూ వేసుకోలేదు. రేష్మ ఒప్పందంలోని మొదటి ప్రశ్న అందుకుంది: ఇక్కడ మారకుండా ఉండేది ఏది?

ఇద్దరూ అంకెలు వేశారు. 2 మైక్రోఫారడ్ల కెపాసిటర్‌ను 100 వోల్టుల బ్యాటరీకి కలిపారనుకున్నారు. చార్జ్ 200 మైక్రోకూలుంబులు. శక్తి ½CV², అంటే 0.01 జౌల్, 10 మిల్లీజౌళ్లు. ఇప్పుడు K విలువ 5 ఉన్న గాజు పలకను లోపలికి జరపాలి. ఇక్కడ రెండు దారులున్నాయి.

మొదటిది, బ్యాటరీ తీసేసి పలక పెట్టడం. ప్లేట్ల మీదున్న చార్జ్ ఎటూ పోలేదు కాబట్టి Q మారదు, 200 మైక్రోకూలుంబులే. C ఐదు రెట్లై 10 మైక్రోఫారడ్లు అవుతుంది. V = Q/C కాబట్టి వోల్టేజ్ 20 వోల్టులకు పడిపోతుంది. ఇక్కడ వాడాల్సింది Q²/2C. శక్తి 2 మిల్లీజౌళ్లే. రేష్మ చెప్పినట్టు తగ్గింది.

రెండోది, బ్యాటరీ కలిపే ఉంచి పలక పెట్టడం. వోల్టేజ్‌ను బ్యాటరీ పట్టి ఉంచుతుంది కాబట్టి V 100 వోల్టులే. C 10 మైక్రోఫారడ్లు, చార్జ్ 1000 మైక్రోకూలుంబులు. ½CV² వేస్తే 50 మిల్లీజౌళ్లు. మాధవి చెప్పినట్టు పెరిగింది.

ఇద్దరి మాటా నిజమే. కానీ ఇద్దరూ చెప్పింది వేర్వేరు ప్రశ్నలకు సమాధానం. పరీక్షలో ఈ లెక్క తప్పేవాళ్లలో చాలామంది ‘బ్యాటరీని తొలగించి’ అన్న రెండు మాటలు చదవకుండా దాటేస్తారు. ఆ రెండు మాటల మీదే లెక్క మొత్తం తిరుగుతుందని ఈ గొడవ పడ్డాక మాధవికి ఇక మరిచిపోయే పని లేదు.

రేష్మ అక్కడితో ఊరుకోలేదు. “మొదటి దాంట్లో 10 మిల్లీజౌళ్లు 2 అయ్యాయి. మిగతా 8 ఎక్కడికి పోయాయి?” అంది. మాధవి ‘వేడిగా పోయిందేమో’ అంది కానీ, తీగలో కరెంటే పారలేదు, వేడి ఎలా వస్తుంది? ఆ ప్రశ్నను కాగితం మీద రాసుకుని మర్నాడు క్లాసు మొదలవకముందు లెక్చరర్‌ను అడిగారు. నువ్వు కూడా ఎప్పుడో ఒకప్పుడు అడుగుతావు కాబట్టి సమాధానం చెబుతాను. పలకను ప్లేట్ల అంచు దగ్గరకు తెస్తే, అంచుల్లో వంగి బయటికొచ్చే విద్యుత్ క్షేత్రం ఆ పలకను లోపలికి లాగుతుంది. చేత్తో పట్టుకుని మెల్లగా లోపలికి పోనిస్తుంటే ఆ లాగుడు మన చేతి మీద పని చేస్తుంది. ఆ 8 మిల్లీజౌళ్లు అలా ఖర్చయ్యాయి.

బ్యాటరీ ఉన్నప్పుడూ లెక్క ఇలాగే సరిపోతుంది. అదనంగా 800 మైక్రోకూలుంబులను బ్యాటరీ 100 వోల్టుల దగ్గర పంపింది, అంటే 80 మిల్లీజౌళ్లు ఇచ్చింది. కెపాసిటర్లో పెరిగినవి 40. మిగిలిన 40 పలకను లాగడానికి అయ్యాయి. ప్రశ్నపత్రంలో ఈ చివరి భాగం సాధారణంగా అడగరు. అయినా శక్తి ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లిందో లెక్క తేలాక, మార్చి అడిగిన ప్రశ్నకు భయపడాల్సిన పని ఉండదు.

ఆ మాట నిజమో కాదో వాళ్లు చూసుకున్నారు కూడా. నువ్వూ ఇలాగే చూసుకోవాలి. ఒక టాపిక్ అయిపోయిందనుకున్నాక, వినేవాళ్లు ప్రశ్నలో ఒక్క సంగతి మార్చి అడగాలి. రేష్మ అడిగింది: “పలక వద్దు. బ్యాటరీ తీసేసి ప్లేట్ల మధ్య దూరం రెట్టింపు చేస్తే?” మాధవి ఈసారి సూత్రాలు వెతకలేదు. Q మారదు, 200 మైక్రోకూలుంబులే. దూరం రెట్టింపైతే C సగం, 1 మైక్రోఫారడ్. వోల్టేజ్ 200 అవుతుంది. శక్తి 20 మిల్లీజౌళ్లు. పెరిగిన 10 ఎక్కడివి? ఒకదాన్నొకటి ఆకర్షించుకునే ప్లేట్లను దూరం జరపడానికి మన చేయి చేసిన పని. ఇలా మార్చిన ప్రశ్నకు అటు చెప్పినవాళ్లూ ఇటు విన్నవాళ్లూ సమాధానం చెప్పగలిగితే ఆ టాపిక్ వచ్చినట్టు. చెప్పలేకపోతే, ఎంత గడగడా చెప్పినా రానట్టే.

ఇక ఈ పద్ధతిలో ఉన్న ప్రమాదం సంగతి. ఇద్దరికీ ఒకే తప్పు ఉంటే ఎవరూ అడ్డుపడరు. అలాంటి తప్పు ఇద్దరు ఒప్పుకున్నారన్న ధైర్యంతో ఇంకా గట్టిగా బుర్రలో నిలిచిపోతుంది.

కరెంట్ పాఠంలో అదే జరిగింది. ఆరోజు రేష్మ వంతు. 60 వాట్ల బల్బునూ 100 వాట్ల బల్బునూ శ్రేణిలో కలిపి 220 వోల్టుల సప్లైకి కలిపితే ఏది ఎక్కువ వెలుగుతుందన్నది ప్రశ్న. రేష్మ ‘100 వాట్లదే’ అంది. మాధవికీ అదే తోచింది. పెద్ద బల్బు ఎక్కువ వెలగడం ఇంట్లో రోజూ చూసేదే కదా, అభ్యంతరం ఎక్కడి నుంచి వస్తుంది? తరువాతి టాపిక్‌కు వెళ్లిపోయేవాళ్లే. అంకెలు వేయాలన్న మూడో ప్రశ్న ఒప్పందంలో ఉండబట్టి ఆగారు.

బల్బు మీద రాసిన వాట్లు 220 వోల్టులు పూర్తిగా దానికే అందినప్పటివి. ఆ వాట్ల నుంచి నిరోధం తీస్తే R = V²/P. 60 వాట్ల బల్బుకు సుమారు 807 ఓములు, 100 వాట్ల బల్బుకు 484 ఓములు. శ్రేణిలో రెండింటిలోనూ ఒకే కరెంట్, సుమారు 0.17 ఆంపియర్. I²R వేస్తే 60 వాట్ల బల్బుకు దాదాపు 23 వాట్లు, 100 వాట్ల బల్బుకు దాదాపు 14 వాట్లు వచ్చాయి. చిన్న బల్బే ఎక్కువ వెలుగుతుంది. (నిజానికి ఫిలమెంట్ వేడి తగ్గితే నిరోధమూ తగ్గుతుంది కాబట్టి అసలు అంకెలు కాస్త వేరుగా ఉంటాయి. ఏది ఎక్కువన్నది మాత్రం మారదు. ఇంటర్ లెక్కల్లో నిరోధం మారదనే అనుకుంటాం.)

ఇంట్లో చూసింది అబద్ధమా మరి? కాదు. ఇంట్లో బల్బులన్నీ సమాంతరంగా ఉంటాయి. అక్కడ V ఒకటే కాబట్టి తక్కువ నిరోధం ఉన్న బల్బుకు ఎక్కువ వాట్లు. ఇక్కడ I ఒకటే కాబట్టి ఎక్కువ నిరోధం ఉన్న బల్బుకు ఎక్కువ వాట్లు. మళ్లీ అదే ప్రశ్న, మారకుండా ఉండేది ఏది. కెపాసిటర్ దగ్గర నేర్చుకున్న ప్రశ్నను బల్బుల దగ్గర అడగడం ఇద్దరికీ తట్టలేదు. మొదట్లో ఎవరికైనా అంతే. అందుకే, ఇద్దరికీ సమాధానం వెంటనే తోచి, ఎవరూ వాదించకపోతే, అక్కడ తప్పకుండా అంకెలు వేయండి. ఇద్దరూ పోట్లాడుకున్న టాపిక్ ఎలాగూ తేలుతుంది. పోట్లాట లేకుండా జారిపోయిన టాపిక్ మీదే నాకు అనుమానం.

ఇంకొకటి. నోటితో చెప్పడం సరిపోని చోట్లు ఫిజిక్స్‌లో కొన్ని ఉన్నాయి. పూర్ణ తరంగ రెక్టిఫయర్‌ను మాధవి చక్కగా చెప్పింది: సెంటర్ ట్యాప్ ఉన్న ట్రాన్స్‌ఫార్మర్, రెండు డయోడ్లు, ఒక అర్ధచక్రంలో ఒకటి, రెండో అర్ధచక్రంలో ఇంకొకటి పనిచేస్తాయి, లోడ్‌లో కరెంట్ ఎప్పుడూ ఒకే దిశలో ఉంటుంది. మాటల్లో తప్పు లేదు. కాగితం మీద గీసినప్పుడు మాత్రం కింది డయోడ్ బాణం తలకిందులైంది. మాధవి చూసుకోలేదు. మాటల్లో ‘రెండు డయోడ్లు’ అంటే సరిపోతుంది, అవి ఎటు తిరిగి ఉన్నాయో చెప్పక్కర్లేదు. బొమ్మలో చెప్పి తీరాలి.

రేష్మ పెన్సిల్ తీసుకుని ఆ బొమ్మ మీదే కరెంట్ దారి గీసింది. ట్రాన్స్‌ఫార్మర్ పై చివర ప్లస్, కింది చివర మైనస్ అయినప్పుడు పై డయోడ్ గుండా వచ్చిన కరెంట్, లోడ్ వైపు పోకుండా, తిరగబడిన కింది డయోడ్ గుండా నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కే వెళ్లిపోయింది. అంటే షార్ట్ సర్క్యూట్. నిజం సర్క్యూట్ అయితే డయోడ్లు వేడెక్కి కాలిపోయేవి. రెండో అర్ధచక్రంలో రెండు డయోడ్లూ మూసుకున్నాయి, లోడ్‌కు ఏమీ రాలేదు. చిన్న బాణం తిరగబడితే రెక్టిఫయర్ మొత్తం పోయింది. డయోడ్‌ను సరిచేసి మళ్లీ రెండు అర్ధచక్రాలకూ పెన్సిల్‌తో దారి గీస్తే, రెండుసార్లూ లోడ్‌లో పై నుంచి కిందికే కరెంట్ వచ్చింది. సర్క్యూట్ బొమ్మ సరైందో కాదో తేల్చుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు తెలియదు. మన సప్లై 50 హెర్ట్జ్ అయితే ఔట్‌పుట్ 100 హెర్ట్జ్ ఎందుకో కూడా ఆ పెన్సిల్ గీతల్లోనే కనిపిస్తుంది. ఒక్కో చక్రంలో లోడ్‌కు రెండు అర్ధతరంగాలు అందుతున్నాయి. రెండు మార్కుల ప్రశ్నగా అడిగితే ఇక బట్టీ పట్టాల్సిన పని లేదు.

కాబట్టి బొమ్మ, డెరివేషన్ ఉన్న టాపిక్‌లో చెప్పడం అయ్యాక చెప్పినవాళ్లు ఒకసారి రాయాలి, పక్కవాళ్లు దిద్దాలి. కిరణాల బొమ్మల్లో బాణం గుర్తులు, కటకం లెక్కల్లో గుర్తు సంప్రదాయం, డెరివేషన్‌లో ‘ఇక్కడ ఫలానాది స్థిరం’ అన్న వాక్యం – ఇవే ఎక్కువగా ఎగిరిపోతాయి. మాటల్లో ఇవి లేకపోయినా అర్థమవుతాయి. పేపర్లో లేకపోతే మార్కులు పోతాయి.

మీరిద్దరూ మొదలుపెట్టేటప్పుడు ఒక పొరపాటు మాత్రం చేయకండి. సగం పాఠాలు నువ్వు, సగం పాఠాలు నేను అని పంచుకుని, ఎవరి సగం వాళ్లు చదివి రెండోవాళ్లకు చెప్పడం. అలా చేస్తే ఒక్కొక్కరికి సగం సిలబస్ విన్నదిగా మాత్రమే మిగిలిపోతుంది. చెప్పబోయే టాపిక్‌ను ఇద్దరూ ముందే చదివి రావాలి. ఎవరు చెప్పాలన్నది కూర్చున్నాక తేల్చుకోండి. చీటీ వేసుకున్నా సరే. అప్పుడు ఇద్దరూ చెప్పడానికే సిద్ధపడి చదువుతారు. ఒకసారి కూర్చుంటే ఒక టాపిక్, మహా అయితే రెండు. చెప్పడానికి ఇరవై నిమిషాలు పడితే, ప్రశ్నలకూ అంకెలకూ అంతకన్నా ఎక్కువ పడుతుంది. అలా పట్టనివ్వండి.

నీ రూమ్మేట్ టైమ్ సంగతి అడిగావు. కథలో చూశావుగా, మార్కులు ఎక్కువ వచ్చేది మాధవికి. రెండు సూత్రాలు పొసగడం లేదని పట్టుకున్నది, డయోడ్ తిరగబడిందని కనిపెట్టింది రేష్మ. బాగా చదివేవాళ్లు తమకు తెలుసనుకున్న చోట ఆగరు. వాళ్లను ఆపడానికి పక్కన ‘నాకు అర్థం కాలేదు, ఎక్కడి నుంచి వచ్చింది?’ అని అడిగే మనిషి ఉండాలి. నువ్వు అడగడం మానేసి తలూపితే అప్పుడు తన టైమ్ పోతుంది, నీదీ పోతుంది. కాబట్టి అర్థం కాకపోతే మొహమాటపడకు. తను విసుక్కుంటే, ‘సరే, అంకెలు వేసి చూద్దాం’ అను. అంకెల ముందు ఎవరూ విసుక్కోలేరు.

అంకెలు వేసినా తేలకపోతే, ఇద్దరి వాదనలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసి మీ లెక్చరర్ దగ్గరకు తీసుకెళ్లండి. ‘సర్, కెపాసిటర్లు అర్థం కాలేదు’ అంటే ఆయన పాఠం మళ్లీ మొదటి నుంచి చెబుతారు, మీ సందేహం అలాగే ఉండిపోతుంది. ‘ఈ సూత్రం ప్రకారం శక్తి పెరగాలి, ఈ సూత్రం ప్రకారం తగ్గాలి, మేమెక్కడ తప్పాం?’ అని అడిగితే రెండు నిమిషాల్లో తేల్చేస్తారు. ప్రీ ఫైనల్స్‌కు ముందు విద్యుత్ పాఠాలతో మొదలుపెట్టండి. మారకుండా ఉండేది ఏదన్న ప్రశ్నకు పని ఎక్కువ పడేది అక్కడే.